గోడకు బీట, సీలింగ్‌కు మరక: ఒక్క ఫొటో చూసి ఎంత భయపడాలి?

క్లుప్తంగా: పగులు ఎంత పొడవుగా ఉంది, మరక ఎంత పెద్దగా ఉంది అన్నవి ప్రమాదానికి కొలమానాలు కావు. పగిలింది బరువు మోసే భాగమా, పగులు ఇంకా పెరుగుతోందా, నీరు లోపలి ఇనుము దాకా చేరిందా అన్నవి చూడాలి. మొదటిదాని గురించి ఫొటో కొంత చెబుతుంది. మిగతా రెండింటికీ రోజులు, వారాలు గమనించాలి.

వానాకాలం మొదలైతే కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లోకి, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోకి ఒక రకం ఫొటోలు వస్తుంటాయి. గోడ మీద సన్నటి గీత ఒకటి, లేదా సీలింగ్ మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరక. కింద ఒక్క మాట కూడా ఉండదు. అడగాల్సిన ప్రశ్న ఏమిటో పంపినవారికే స్పష్టంగా తెలియదు. ఇల్లు కూలుతుందా అని అడగాలంటే భయం, రంగు వేయిస్తే పోతుందా అని అడిగితే తేలిగ్గా తీసుకున్నట్టు ఉంటుందేమోనని సంకోచం.

జవాబులు మాత్రం వెంటనే వస్తాయి. ఒకరు పుట్టీ పెట్టి రంగు కొట్టమంటారు, మరొకరు వెంటనే ఖాళీ చేయమంటారు. రెండూ ఊహలే. అదే ఫొటోను అనుభవమున్న ఇంజినీర్ చూస్తే జవాబు చెప్పడానికి ముందు ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఆ ప్రశ్నలు ఏమిటో, అవే ఎందుకో తెలిస్తే ఫొటోను చదవడం చాలావరకు తేలికవుతుంది.

## ముందు తేల్చాల్సింది: బరువు ఎవరు మోస్తున్నారు?

ఇప్పుడు కనిపించే అపార్ట్‌మెంట్లు, రెండు మూడు అంతస్తుల ఇళ్లు దాదాపు అన్నీ పిల్లర్లు, బీములు, స్లాబులతో కట్టినవే. స్లాబ్ మీద పడిన బరువు బీముల్లోకి, అక్కడి నుంచి పిల్లర్లలోకి, చివరికి పునాదిలోకి దిగుతుంది. మధ్యలోని ఇటుక గోడలు గదులను వేరు చేయడానికే ఉంటాయి. అలాంటి ఇంట్లో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకు పగులు వచ్చినంత మాత్రాన పైకప్పుకు ప్రమాదం ఉండదు.

పిల్లర్లు లేకుండా మందపాటి గోడల మీదే కప్పు నిలబెట్టిన పాత ఇళ్లు వేరు. పల్లెల్లో, పాత బస్తీల్లో ఇవి ఇంకా చాలా ఉన్నాయి. ఇక్కడ గోడే పిల్లర్. ఒకే వెడల్పు, ఒకే పొడవు ఉన్న పగులు మొదటి ఇంట్లో రంగుల పనితో పోవచ్చు, రెండో ఇంట్లో కప్పుకే ముప్పు కావచ్చు. అందుకే ఇల్లు ఏ రకమో తెలియకుండా దగ్గర నుంచి తీసిన గోడ ఫొటో చూసి తీర్పు చెప్పడం తప్పు.

కాంక్రీట్‌కు అసలు పగుళ్లే రాకూడదన్నది మరో అపోహ. కాంక్రీట్ ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది, లాగితే మాత్రం సులువుగా చీలుతుంది. ఆ లాగుడును భరించడానికే లోపల ఇనుము వేస్తారు. బీమ్ మీద బరువు పడినప్పుడు దాని అడుగు భాగంలో వెంట్రుకంత పగుళ్లు రావడం డిజైన్‌లోనే ఊహించిన విషయం. మన దేశంలో కాంక్రీట్ డిజైన్‌కు ఆధారమైన ఐఎస్ 456 ప్రమాణం (2000) మామూలు పరిస్థితుల్లో కాంక్రీట్ ఉపరితలం మీద 0.3 మిల్లీమీటర్ల వరకు పగులును అనుమతిస్తుంది. ఎప్పుడూ తడి తగిలే చోట, మట్టికి ఆనుకుని ఉన్న చోట ఆ పరిమితి 0.2 మిల్లీమీటర్లు. తడి ఉంటే పరిమితి ఎందుకు తగ్గుతుందన్నది ముందు ముందు తెలుస్తుంది.

## చూడటానికే భయం గొలిపే పగుళ్లు

ఎండిన చెరువు నేల నెర్రెలిచ్చినట్టు గోడంతా అల్లుకున్న సన్నటి గీతలు ఫొటోలో భయంకరంగా ఉంటాయి. ఇవి దాదాపు ఎప్పుడూ ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతాయి. పూతలో సిమెంట్ వంతు ఎక్కువైనా, పూసిన తర్వాత కొన్ని రోజులు సరిగా నీళ్లు కొట్టకపోయినా పైపొర త్వరగా ఆరి కుంచించుకుపోయి చిట్లుతుంది. వేలి కణుపుతో తడితే గట్టిగా పలికిన చోట రంగుకు ముందు పుట్టీ పెడితే సరిపోతుంది. బోలుగా మోగితే ఆ ముక్క ఇటుకను వదిలేసినట్టే. దాన్ని చెక్కి మళ్లీ పూయాలి. గోడకు మాత్రం ఏమీ కాలేదు.

కొత్త ఇళ్లలో ఇంకో రకం ఎక్కువ. గోడ పైభాగంలో, బీమ్ కిందుగా స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఒక గీత వస్తుంది. పిల్లర్ పక్కన అదే గీత నిలువుగా ఉంటుంది. ఇటుక, కాంక్రీట్ ఎండకు వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, ఆరేటప్పుడు వేర్వేరుగా కుంచించుకుపోతాయి. రెండింటినీ కలిపి ఒకే ప్లాస్టరింగ్ పూస్తే, అవి కలిసిన గీత వెంట అది చీలుతుంది. ఆ అతుకు మీద చికెన్ మెష్ అనే సన్నటి తీగల వల కొట్టి పూసి ఉంటే చాలావరకు రాదు. స్విచ్‌బోర్డు నుంచి సీలింగ్ దాకా నిటారుగా పోయే గీత కూడా ఇలాంటిదే. వైరింగ్ పైపు కోసం గోడను తొలిచి, ఆ గాడిని పలుచగా పూడ్చిన చోటు అది.

కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బయలుదేరే చిన్న పగుళ్లు మధ్యరకం. గోడలో రంధ్రం ఉన్న చోట ఒత్తిడి మూలల్లో పోగుపడుతుంది కాబట్టి ముందు చిట్లేది అక్కడే. జానెడు పొడవులో సన్నగా ఆగిపోతే పెద్ద విషయం కాదు. అదే పగులు కిటికీ మూల నుంచి పై అంతస్తు దాకా సాగినా, గోడకు రెండు వైపులా ఒకే చోట కనిపించినా ప్లాస్టరింగ్ కథ అక్కడితో అయిపోయిందనే అర్థం. పగులు ఇటుకలో ఉంది.

## నిజంగా ఆగి చూడాల్సినవి

ఇటుకల అతుకుల వెంట మెట్లు దిగినట్టు ఏటవాలుగా పోయే పగులును తేలిగ్గా తీసుకోకూడదు. అందులోనూ ఒక చివర సన్నగా, రెండో చివర వెడల్పుగా ఉంటే పునాదిలో ఒక వైపు కుంగి, రెండో వైపు కదలకుండా ఉందని అనుమానించాలి. దీనికి తోడుగా మరికొన్ని లక్షణాలు కనిపిస్తాయి. నిన్నటి దాకా సాఫీగా పడిన తలుపు చట్రానికి రాసుకోవడం, ఫ్లోరింగ్ టైళ్ల వరుస ఒక చోట విడిపోవడం లాంటివి.

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వంటి నల్లరేగడి ప్రాంతాల వారికి దీని ఒక రూపం బాగా తెలుసు. నల్లరేగడి వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. లోతు చాలని పునాది దానితో పాటే పైకీ కిందికీ కదులుతుంది. మే నెలలో నోరు తెరిచిన పగులు సెప్టెంబరులో మూసుకుపోతుంది. వేసవిలో దాన్ని సిమెంట్‌తో గట్టిగా నింపేస్తే, వానలకు గోడ తిరిగి యథాస్థానానికి రాబోయినప్పుడు ఆ సిమెంట్ అడ్డుపడి పక్కన కొత్త చోట పగులుతుంది. ఏటా పగులు పూడ్చినా ఏటా మళ్లీ వస్తోందనే ఫిర్యాదు వెనక చాలాసార్లు మేస్త్రి పనితనం కాదు, కింద ఉన్న మట్టి ఉంటుంది.

పిల్లర్, బీమ్ మీది పగుళ్ల దగ్గర మాత్రం నియమం వేరు. ముందుగా కొద్దిగా ప్లాస్టరింగ్ చెక్కి, గీత పైపొరలో ఉందా కాంక్రీట్‌లో ఉందా చూడాలి. కాంక్రీట్‌లోనే ఉంటే దాని దిశ చాలా చెబుతుంది. బీమ్ పిల్లర్‌తో కలిసే చోటికి దగ్గరగా ఏటవాలుగా వచ్చిన పగులు బీమ్‌ను అడ్డంగా తెంచేలా పనిచేసే కోతబలానికి అది లొంగుతోందనడానికి గుర్తు కావచ్చు. ఈ రకం వైఫల్యం పెద్దగా హెచ్చరిక ఇవ్వకుండా వస్తుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. పిల్లర్ పొడవునా, మూలకు దగ్గరగా నిలువుగా పోయే పగులైతే లోపలి చువ్వ తుప్పు పట్టి కాంక్రీట్‌ను బయటికి నెడుతున్నట్టు. మరక కథ కూడా చివరికి వచ్చి చేరేది ఇక్కడికే.

## మరక వెనక జరిగేది

సీలింగ్ మరక అంచు మధ్యభాగం కన్నా ముదురుగా ఎందుకుంటుంది? స్లాబ్‌లోంచి దిగిన నీరు తనతో పాటు లవణాలను, మట్టిని మోసుకొస్తుంది. తడి ప్రాంతం అంచుల దగ్గర ఆరుతుంది కాబట్టి మోసుకొచ్చిందంతా అక్కడే మిగిలి వలయమవుతుంది. ఒకదాని చుట్టూ ఒకటి నాలుగైదు వలయాలు ఉన్నాయంటే నీరు ఒక్కసారి వచ్చి పోలేదు, తడుస్తూ ఆరుతూ పలుసార్లు వచ్చింది. పొడిగా ఉన్న ఒకే వలయం ఎప్పుడో ఆగిపోయిన లీకేజీ గుర్తు కూడా కావచ్చు. గది మూలల్లో నల్లటి చుక్కలుగా వచ్చే బూజుకు లీకేజీ ఉండాల్సిన అవసరమే లేదు. గాలి ఆడని గదిలో తేమ పేరుకున్నా వస్తుంది.

తెల్లటి పొడి తుడిస్తే రాలిపోతే అది ఉప్పు. స్లాబ్ అడుగున సున్నపు పూసలు, చిన్న ఊడల్లాంటివి వేలాడుతుంటే నీరు కాంక్రీట్ మందం మొత్తం దాటి వస్తూ అందులోని సున్నాన్ని కరిగించి తెస్తోందన్నమాట. ఆ దశలో ప్రశ్న రంగుది కాదు, లోపలి ఇనుముది.

కొత్త కాంక్రీట్ గట్టి క్షారగుణం గలది. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము మీద కంటికి కనిపించని పలుచని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కాంక్రీట్‌లోకి చొరబడుతూ ఆ క్షారాన్ని తగ్గిస్తూ వస్తుంది. పీహెచ్ సుమారు 9కి పడిపోయిన లోతు చువ్వ దాకా చేరితే ఆ రక్షణ పొర పోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉప్పు గాలి కూడా ఇదే పని చేస్తుంది, ఇంకా వేగంగా. అయినా నీరు అందనంత కాలం తుప్పు మెల్లగానే సాగుతుంది. లీకేజీ చేసే అసలు హాని ఆ నీటిని అందించడమే.

తుప్పు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రకాన్ని బట్టి రెండు నుంచి ఆరు రెట్లు. గట్టిపడిన కాంక్రీట్ లోపల అంత చోటు ఎక్కడిది? చువ్వ కింద ఉన్న పొరను అది నెడుతుంది, చువ్వ వెంట పగులు వస్తుంది. ఆ పగులులోంచి మరింత నీరు, గాలి చేరతాయి, తుప్పు వేగం పెరుగుతుంది. చివరికి పెచ్చులు ఊడిపడతాయి. స్లాబ్‌లో చువ్వ కింద మామూలుగా 20 మిల్లీమీటర్ల కాంక్రీట్ ఉండాలి. చువ్వలను ఎత్తి పట్టే కవర్ బ్లాకులు కింద పెట్టకుండా సెంట్రింగ్ మీదే పరిచేసి పోసిన స్లాబుల్లో అది 5 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పాత ఇళ్లలో పెచ్చులూడిన చోట చువ్వలు ఉపరితలానికి అంత దగ్గరగా కనిపించడానికి కారణం అదే.

ఇనుము ఎంత అరిగితే ఎంత బలం పోతుందో లెక్క వేస్తే విషయం అర్థమవుతుంది. ఇళ్ల స్లాబుల్లో ఎక్కువగా వాడేది 8 మిల్లీమీటర్ల చువ్వ. చుట్టూ ఒక్క మిల్లీమీటరు చొప్పున తుప్పుకు పోతే వ్యాసం 6 మిల్లీమీటర్లే మిగులుతుంది. చూడటానికి పెద్ద తేడా ఉండదు. కానీ బలం వ్యాసాన్ని బట్టి కాదు, అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 64లో 36 వంతులే మిగిలాయి, అంటే దాదాపు 44 శాతం పోయింది.

నీటిమరకను ఏళ్ల తరబడి వదిలేస్తే ఎంత దూరం పోగలదో అమెరికాలోని సర్ఫ్‌సైడ్ చూపింది. ఫ్లోరిడా తీరంలోని ఆ పట్టణంలో 12 అంతస్తుల నివాస భవనం 2021 జూన్ 24న పాక్షికంగా కూలి 98 మంది చనిపోయారు. ఈత కొలను చుట్టూ ఉన్న స్లాబ్‌లో వాటర్‌ప్రూఫింగ్ విఫలమై, నీరు పోయే వాలు లేక కింది కాంక్రీట్ తీవ్రంగా దెబ్బతిన్నదని 2018లోనే ఒక ఇంజినీర్ నివేదిక ఇచ్చారు. కూలడానికి కారణం అదొక్కటే కాదు. ఆ స్లాబ్ డిజైన్‌లోనే బలం చాలలేదని దర్యాప్తులో తేలింది. మొదటి నుంచీ బలం తక్కువగా ఉన్న స్లాబ్‌కు ఏళ్ల తరబడి నీటి నష్టం తోడయింది.

## ఒక మరకను చదవడం

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో 22 ఏళ్ల కిందట కట్టిన మూడంతస్తుల అపార్ట్‌మెంట్. రెండో అంతస్తు పడకగది సీలింగ్ మీద రెండడుగుల గోధుమరంగు మరక, దాని మధ్యగా ఒక సన్నటి గీత. అక్కడ ఉంటున్న తల్లిదండ్రులు ఫొటో తీసి ఊళ్లో లేని కొడుక్కి పంపారు.

మొదటి ప్రశ్న, పైన ఏముంది? సరిగ్గా ఆ చోట పై ఫ్లాట్ బాత్రూమ్ ఉంది. రెండోది, ఎప్పుడు తడుస్తుంది? వాన పడ్డ రోజే తడిస్తే డాబా, పిట్టగోడ అతుకు, వాననీటి గొట్టం చూడాలి. వానతో సంబంధం లేకుండా రోజూ తడిస్తే బాత్రూమో, పైపులో. ఇక్కడ ఏప్రిల్‌లోనూ తడి ఉంది కాబట్టి అనుమానం బాత్రూమ్ మీదికే పోతుంది. మరక అంచును పెన్సిల్‌తో గీసి పక్కన తేదీ రాశారు. వారం తర్వాత మరక ఆ గీత దాటి నాలుగు వేళ్లు పెరిగింది. అంటే లీకేజీ ఇంకా ఉంది.

తర్వాత పై ఫ్లాట్ వారి ఒప్పుకోలుతో బాత్రూమ్‌లో నీరు పోయే ట్రాప్‌కు గుడ్డ కట్టి, అంగుళం లోతు నీళ్లు 24 గంటలు నిలబెట్టారు. కింద తడి పెరిగింది. తప్పు టైళ్ల సందుల్లో, ట్రాప్ చుట్టూ, వాటర్‌ప్రూఫింగ్‌లో ఉంది. నీళ్లు నిలిపినా తేడా రాకపోయి ఉంటే, గోడల్లోని నీటి పైపులను విడిగా పరీక్షించాల్సి వచ్చేది. స్లాబ్ ఇప్పటికే కిందికి వంగినట్టున్నా, పెచ్చులు ఊడుతున్నా ఈ పరీక్ష చేయకూడదు.

ఇప్పుడు అసలు సంగతి, మరక మధ్యలోని ఆ గీత. పొడవాటి కర్ర చివరతో మెల్లగా తట్టి చూశారు. మరక అంతటా గట్టిగానే పలికింది. గీతలో తుప్పు రంగు లేదు. చెక్కి చూస్తే అది ప్లాస్టరింగ్‌లోనే ఆగింది. కాబట్టి పని పైన మొదలవుతుంది. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించి, కింది స్లాబ్‌ను కొన్ని వారాలు పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే పుట్టీ, రంగు. తడి ఆరకముందే రంగు వేస్తే పొక్కులు లేచి ఊడుతుంది. అంతకన్నా నష్టం ఏమిటంటే, లీకేజీ ఆగిందో లేదో చూపించే గుర్తు కూడా మాయమవుతుంది.

అదే చోట గీతలు ఆరేడు అంగుళాలకొకటి చొప్పున వరుసగా, తుప్పు రంగుతో కనిపించి ఉంటే లెక్క మారిపోయేది. స్లాబ్‌లో చువ్వలు సాధారణంగా అలాంటి దూరంలోనే ఉంటాయి. లోపలి చువ్వల బొమ్మ సీలింగ్ మీద పడిందన్నమాట. తట్టితే బోలుగా మోగడం, కొద్దిగా ఉబ్బు కనిపించడం కూడా తోడైతే మంచాన్ని అక్కడి నుంచి జరిపి స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవడం ఆ వారంలోనే జరగాలి. ఫ్యాన్ కొక్కెం ఆ ప్రాంతంలో ఉంటే ఫ్యాన్ దింపేయడం మంచిది. లైటు పాయింటు దగ్గర తడి ఉంటే ఆ సర్క్యూట్ ఆపాలి. కరెంటు ప్రమాదం స్లాబ్ ప్రమాదం కన్నా ముందే రావచ్చు.

## వెడల్పు కొలిచేదెలా, కదలిక పట్టేదెలా

ఫొటోలో పగులు వెడల్పు ఎప్పుడూ మోసం చేస్తుంది. దగ్గర నుంచి తీస్తే కాలువలా, దూరం నుంచి తీస్తే దారంలా ఉంటుంది. ఇంట్లో దొరికే వాటితోనే ఉజ్జాయింపుగా కొలవచ్చు. ప్రింటర్‌లో వాడే మామూలు ఎ4 కాగితం సుమారు 0.1 మిల్లీమీటరు మందం, ఏటీఎం కార్డు 0.76 మిల్లీమీటర్లు. కార్డు అంచు పగులులోకి దూరిపోతే అది వెంట్రుక పగులు కాదు. పగుళ్లపై భారత ప్రమాణాల సంస్థ 1984లో తెచ్చిన కరదీపిక 1 మిల్లీమీటరు లోపు వాటిని సన్నవిగా, 1 నుంచి 2 మధ్య ఉన్నవాటిని మధ్యస్థంగా, 2 దాటినవాటిని వెడల్పైనవిగా విభజించింది. ఇటుక గోడకు ఈ లెక్క పనికొస్తుంది. పిల్లర్‌కు, బీమ్‌కు అరమిల్లీమీటరు పగులు కూడా ఇంజినీర్ చూడాల్సిందే.

వెడల్పు కన్నా విలువైన సమాచారం కదలిక. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయాలి. మధ్యలో పగులుకు అడ్డంగా పలుచటి గాజుపలకను రెండు అంచులా అంటించడం పాత మేస్త్రీల పద్ధతి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఎంత కదిలిందో అది చెప్పదు కాబట్టి, పగులుకు రెండు వైపులా చిన్న మేకులు కొట్టి వాటి మధ్య దూరాన్ని నెలకోసారి కొలవడం మెరుగు. కొలత ప్రతిసారీ ఉదయమే తీసుకోవాలి. మధ్యాహ్నం ఎండకు గోడ వ్యాకోచించి లెక్క తారుమారవుతుంది. నల్లరేగడిలో అయితే ఒక వేసవి, ఒక వానాకాలం పూర్తిగా చూస్తేనే బొమ్మ తెలుస్తుంది. అయితే వారంలోనే తేడా కంటికి కనిపిస్తుంటే, తలుపులు పట్టేస్తుంటే కొలతలు రాసుకుంటూ కూర్చునే సమయం కాదు.

## ఇంజినీర్ చేసే పరీక్ష, బిల్డర్ బాధ్యత

మేస్త్రి పగులును పూడ్చగలడు. అది ఎందుకొచ్చిందో తేల్చేది స్ట్రక్చరల్ ఇంజినీర్. తుప్పు అనుమానం ఉన్న చోట చేసే పరీక్షల్లో ఒకటి కంటితోనే అర్థమవుతుంది. అప్పుడే చెక్కిన కాంక్రీట్ మీద ఫినాల్ఫ్‌థలీన్ ద్రావణం చల్లితే, క్షారగుణం మిగిలిన భాగం గులాబీ రంగుకు మారుతుంది, పోయిన భాగం రంగు మారదు. రంగు మారని లోతు చువ్వను దాటిపోయి ఉంటే, పైకి ఏ పగులూ లేకపోయినా ఆ చోట ఇనుముకు రక్షణ లేదు. తీరప్రాంతంలో ఈ ఒక్క పరీక్ష చాలదు, ఉప్పు శాతం కూడా చూడాలి.

కొత్త ఫ్లాట్ అయితే తేదీ ఉన్న ఫొటోకు మరో విలువ ఉంది. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాట్ స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపమో, పనితనంలో లోపమో కొనుగోలుదారు తెలియజేస్తే, బిల్డర్ అదనపు ఖర్చు లేకుండా 30 రోజుల్లో సరిచేయాలి. అందువల్ల పుట్టీ పెట్టించక ముందే మూడు ఫొటోలు తీయాలి. గది మొత్తం కనిపించేలా ఒకటి, గోడ మొత్తం కనిపించేలా ఒకటి, పగులు పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి. వాటితో పాటు ఏ అంతస్తు, పైన ఏముంది, మొదట ఎప్పుడు చూశారు, వానకు మారుతోందా అన్నవి నాలుగు వాక్యాల్లో రాసి బిల్డర్‌కు ఈమెయిల్ చేయాలి. ఇంజినీర్‌కు పంపాల్సిందీ, ఊళ్లో లేని కొడుక్కి పంపాల్సిందీ ఇదే.